‘స్మృతిరహితం’ అంటే మతిమరుపేనా?

సందేహం: బ్యాంకు కౌంటరు లెక్కల్లో వచ్చే ‘మెమరీలెస్’ అనే మాటకు ‘మతిమరుపు ధర్మం’ అని రాయొచ్చా? ‘పది నిమిషాలు నిలబడ్డాక పదిహేను నిమిషాలు పట్టే సంభావ్యత’ అని రాస్తే మాస్టారు కొట్టేశారు. ఎందుకు?

సమాధానం: మతిమరుపు వద్దండి. ఒకప్పుడు తెలిసి, తర్వాత జారిపోతేనే మరిచిపోవడం. ఇక్కడ ఇప్పటికే ఎంతసేపు గడిచినా, ఇంకా పట్టే కాలం లెక్క మారదు; అంటే గుర్తుంచుకున్నదే లేదు. ‘రహితం’ అంటే లేనిది కాబట్టి ‘స్మృతిరహిత ధర్మం’ అన్న మాట అతికినట్టు సరిపోతుంది.

ఇక మీ వాక్యం. అందులో లోపించింది ‘ఇంకా’ అన్న చిన్న మాట. కౌంటరు దగ్గర ఒకరి పని జరుగుతోంది, తర్వాత మీరే. ఒక్కొక్కరికి పట్టే కాలం T సగటున 5 నిమిషాలతో ఎక్స్‌పొనెన్షియల్ విభాజనంలో ఉందనుకుందాం. అప్పుడు t నిమిషాలు దాటే సంభావ్యత e^(-t/5). ముందు నుంచీ లెక్కిస్తే పని 15 నిమిషాలు దాటే సంభావ్యత e^(-3), సుమారు 0.05. ఇప్పటికే 10 నిమిషాలు గడిచాయని తెలిస్తే మాత్రం e^(-3)ని e^(-2)తో భాగించాలి. వచ్చేది e^(-1), సుమారు 0.37.

P(T > 15 | T > 10) = P(T > 5)

ఎడమవైపు 15 మొత్తం కాలం, కుడివైపు 5 ఇంకా పట్టే కాలం. మీరు రాసిన ‘పదిహేను’ ఈ రెంటిలో ఏదో చదివేవారికి తెలియదు. ‘పది నిమిషాలు గడిచాక కూడా, ఇంకా ఐదు నిమిషాలకు పైగా పట్టే సంభావ్యత’ అని రాయండి. ‘ఇంకా’ బదులు ‘మరో’ అన్నా చక్కగా ఉంటుంది. ‘పట్టే’ను ‘పైగా పట్టే’ అని ఎందుకు మార్చానంటే, కచ్చితంగా ఐదే నిమిషాలు పట్టే సంభావ్యత సున్నా.

‘ఇంతసేపయింది, ఇక అయిపోతుందిలే’ అని మనం అంటూ ఉంటాం. ఆ ‘ఇక’లో ఉన్న ఆశకు ఈ విభాజనంలో చోటు లేదు. పది నిమిషాలు నిలబడ్డా, ఇంకా పట్టే సగటు కాలం ఆ 5 నిమిషాలే. అందరి పనీ 4 నుంచి 6 నిమిషాల్లో తెమిలే కౌంటరైతే ఆ ఆశ న్యాయమే. అక్కడ ఐదో నిమిషం దాటిందంటే మిగిలింది నిమిషంలోపే. స్మృతిరహితం అన్న మాట అక్కడ వాడకూడదు.

చాలామంది ఈ మాటను క్యూ మొత్తానికీ అంటగడతారు. అదీ పొరపాటే. మీకు ముందు ఇద్దరున్నారనుకోండి, ఒకరు కౌంటరు దగ్గర, ఒకరు వరసలో. మొదట్లో మీ నిరీక్షణ సగటున 10 నిమిషాలు. వరస ఎంత కదిలిందో చూడకుండా పది నిమిషాలు కూర్చున్నా మీ వంతు రాలేదంటే, ఇంకా పట్టే సగటు దాదాపు 6.7 నిమిషాలకు తగ్గుతుంది, ఎందుకంటే మొదటివారి పని ఈపాటికి అయిపోయి ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. కాబట్టి ‘స్మృతిరహిత నిరీక్షణ’ అని రాయకండి, ‘స్మృతిరహిత సేవాకాలం’ అని రాయండి.