స్ట్రెప్ థ్రోట్: పాపని స్కూలుకి ఎప్పుడు పంపాలి?

"గుంటూరులో ఉంటాం. పాపకి స్ట్రెప్ థ్రోట్ అని ఆదివారం రాత్రి అమాక్సిసిలిన్ మొదలుపెట్టారు. మంగళవారం యూనిట్ టెస్ట్. పంపొచ్చా?"

పంపొచ్చండి, జ్వరం పోయి ఉంటే. స్ట్రెప్ థ్రోట్ అంటే బాక్టీరియా వల్ల వచ్చే గొంతు ఇన్ఫెక్షన్. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మొదటి డోసు పడ్డాక 12 నుంచి 24 గంటల్లో ఇతరులకు అంటించే గుణం దాదాపు పోతుంది. మీ లెక్కన సోమవారం రాత్రికి 24 గంటలు నిండుతాయి. సోమవారం మాత్రం ఇంట్లోనే ఉంచండి. స్కూల్ ఆటోలో పిల్లలంతా ఒకరినొకరు ఆనుకుని కూర్చుంటారు కదా, దగ్గు తుంపర్లతో ఇట్టే అంటుకుంటుంది.

జ్వరం సంగతి జాగ్రత్తగా చూడాలి. పొద్దున్నే పారాసిటమాల్ వేసి, ఒళ్లు చల్లబడిందని పంపేస్తే మధ్యాహ్నానికి మళ్లీ కాగుతుంది. ఆ సిరప్ లేకుండానే మామూలుగా ఉండాలి. గొంతు కాస్త నొప్పిగా ఉన్నా ఫర్వాలేదు.

యాంటీబయాటిక్ వాడకపోతే రెండు మూడు వారాలైనా అంటించగలరు. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకండి. డాక్టర్ రాసిన కోర్సు, మామూలుగా 10 రోజులు, పూర్తిగా వాడాలి. గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరం రాకుండా కాపాడేది అదే.