డాక్టర్ సలహా: లేబుల్ మీద చక్కెర 10 శాతమే అని ఉంటే ఎన్ని బిస్కెట్లు తినవచ్చు?

ప్రశ్న: నా వయసు 46. ఇంట్లోనే ఉంటాను. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. ఈమధ్య పరీక్ష చేయిస్తే షుగర్ వచ్చే ముందు దశలో ఉన్నానన్నారు. ఉదయం మూడు, సాయంత్రం మూడు గోధుమ బిస్కెట్లు టీతో తింటాను. టీలో రెండేసి చెంచాల చక్కెర వేసుకుంటాను. రాత్రి అన్నం మానేసి మసాలా ఓట్స్ రెండు చిన్న ప్యాకెట్లు తింటున్నాను. ఆన్‌లైన్‌లో కొనే యాప్ నుంచి రెండింటి లేబుళ్ల స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. బిస్కెట్లలో చక్కెర 10 శాతం, సోడియం 6 శాతం అనే ఉంది. నేను పరిమితిలో ఉన్నట్టేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లేదమ్మా, మీరు పరిమితి దాటారు. అయితే లేబుల్ అబద్ధం చెప్పలేదు. అందులోని 10 శాతం రెండు బిస్కెట్లకు వేసిన లెక్క, పైగా అది రోజుకు 50 గ్రాముల చక్కెర తినవచ్చనే కొలమానంతో వేసిన లెక్క. మీరు తినేది ఆరు బిస్కెట్లు, మీకు సరిపడే కొలమానం అందులో సగం కూడా కాదు. ఈ రెండు తేడాలూ ఎక్కడ వచ్చాయో మీరు పంపిన అంకెలతోనే చూద్దాం.

ముందుగా ఆ పట్టికలోని నిలువు వరుసలను వేరు చేసుకోవాలి. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం పోషకాల పరిమాణాన్ని సాధారణంగా 100 గ్రాములకు చూపుతారు, శాతాన్ని మాత్రం ఒక సర్వింగ్‌కు చూపుతారు. మీ బిస్కెట్ల లేబుల్ మీద 100 గ్రాములకు యాడెడ్ షుగర్స్ 20 గ్రాములు, సోడియం 500 మిల్లీగ్రాములు ఉన్నాయి. సర్వింగ్ అంటే 25 గ్రాములు, అంటే రెండు బిస్కెట్లు, అని పట్టిక కింద సన్న అక్షరాల్లో రాశారు. పక్కపక్కనే ఉన్నా ఒక వరుస 100 గ్రాములది, ఇంకొకటి 25 గ్రాములది కావడంతో చాలామంది ఇక్కడే తికమకపడతారు. సరిగ్గా చదివామో లేదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. 100 గ్రాములకు 500 మిల్లీగ్రాముల సోడియం ఉంటే 25 గ్రాములకు 125 వస్తుంది, రోజువారీ పరిమితి అయిన 2,000లో అది 6 శాతానికి కాస్త ఎక్కువ. లేబుల్ మీద ఉన్న 6 దానితో సరిపోయింది కాబట్టి మీ స్క్రీన్‌షాట్‌లోని వరుసలను సరిగానే చదువుతున్నాం.

స్క్రీన్‌షాట్ విషయంలో నేను ఈ పరీక్షను తప్పనిసరిగా చేయమంటాను. యాప్‌లో పెట్టే ఫొటో పాత ప్యాకెట్‌ది కావచ్చు, అదే కంపెనీ అమ్మే వేరే రుచిది కావచ్చు, సర్వింగ్ పరిమాణం ఉన్న అంచు తెగిపోయి ఉండవచ్చు. అంకెలు సరిపోలకపోతే ఫొటోను పక్కన పెట్టి, ఇంటికి వచ్చిన ప్యాకెట్‌నే తిప్పి చదవండి. మీ బిస్కెట్ల విషయంలో కేలరీలు కూడా సరిపోయాయి. పిండిపదార్థం 68 గ్రాములు, ప్రొటీన్ 7 గ్రాములు కలిపి నాలుగుతోనూ, కొవ్వు 20 గ్రాములను తొమ్మిదితోనూ గుణించి కలిపితే 480 వస్తోంది, లేబుల్ మీద ఉన్నదీ అంతే.

ఇప్పుడు చక్కెర సంగతి. ఒక్కో బిస్కెట్ పన్నెండున్నర గ్రాములు ఉంటుంది కనుక మీరు రోజుకు తినేది 75 గ్రాములు, దానిలో కలిపిన చక్కెర 15 గ్రాములు. రెండు కప్పుల టీలో వేసుకునే నాలుగు చెంచాలు, చెంచా ఎంత నిండుగా తీశారన్నదాన్ని బట్టి, 16 నుంచి 20 గ్రాములు. రెండూ కలిపితే 31 నుంచి 35 గ్రాములు. లేబుల్ వాడే 50 గ్రాముల కొలమానంతో చూస్తే ఇది పరిమితిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఆ 50 గ్రాములు రోజుకు 2,000 కిలోకేలరీలు తినే మనిషికి శక్తిలో పదో వంతు అని లెక్కగట్టినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పదో వంతును దాటకూడని హద్దుగా పెట్టి, వీలైతే ఇరవయ్యో వంతుకు తగ్గించుకోవడం ఇంకా మేలని చెప్పింది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో, ఎక్కువ శారీరక శ్రమ లేని 55 కిలోల మహిళకు రోజుకు కావలసిన శక్తిని 1,660 కిలోకేలరీలుగా చూపింది. చక్కెర గ్రాముకు 4 కిలోకేలరీలు ఇస్తుంది కాబట్టి ఇరవయ్యో వంతు అంటే మీకు 21 గ్రాముల దగ్గర ఆగుతుంది. షుగర్ ముందు దశలో ఉన్నవారికి నేను పట్టుకోమనేది ఈ అంకెనే. అందుకే మీ లేబుల్ మీది 10 శాతం మీ విషయంలో రెండు బిస్కెట్లకే దాదాపు 24 శాతం అవుతుంది, ఆరు బిస్కెట్లకు 70 శాతం దాటుతుంది.

పట్టికలో టోటల్ షుగర్స్ 22 గ్రాములు, యాడెడ్ షుగర్స్ 20 గ్రాములు అని వేర్వేరుగా ఉండడం చూసే ఉంటారు. పాలపొడి వంటి వాటిలో సహజంగా ఉండే చక్కెర మొదటి లెక్కలోకి వస్తుంది, రెండోదానిలోకి రాదు. హద్దుతో పోల్చవలసింది రెండోదాన్ని. అది లేబుల్ మీద కనబడకపోతే తయారీ పదార్థాల జాబితా చూడండి. బరువులో ఎక్కువ ఉన్నవి అందులో ముందు వస్తాయి. బెల్లం, తేనె, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్ ఏ పేరుతో ఉన్నా మీ లెక్కలో చక్కెరే.

అయితే చక్కెర హద్దులో ఉన్నంత మాత్రాన రక్తంలో గ్లూకోజ్ పెరగదని అనుకోవద్దు, మీకు ముఖ్యంగా ఈ మాట చెప్పాలి. ఆరు బిస్కెట్లలో మొత్తం పిండిపదార్థం 51 గ్రాములు ఉంటుంది, అంటే సుమారు 65 గ్రాముల బియ్యం వండితే వచ్చే అన్నంలో ఉండేంత. రాత్రి అన్నం మానేసినా రోజు మొత్తంలో అంత అన్నం బిస్కెట్ల రూపంలో లోపలికి వెళుతోంది. మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పదార్థం ఉన్న ప్యాకెట్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ. దాన్ని చక్కెర గడిలో చూపరు, పిండిపదార్థంలోనే కలుస్తుంది, కానీ గ్లూకోజ్‌ను చక్కెరలాగే త్వరగా పెంచుతుంది. షుగర్ ఫ్రీ అని రాసిన బిస్కెట్లను కూడా ఈ పిండిపదార్థం గడి చూశాకే కొనండి.

ఉప్పు విషయానికి వస్తే లేబుల్ మీద ఉండేది సోడియం. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది, 2,000 మిల్లీగ్రాముల సోడియం అంటే 5 గ్రాముల ఉప్పు, చిన్న చెంచాకు కాస్త తక్కువ. చక్కెర హద్దులాగా పెద్దవాళ్లలో ఇది తినే కేలరీలను బట్టి మారదు. మీ ఆరు బిస్కెట్లలో 375 మిల్లీగ్రాముల సోడియం, అంటే ఒక గ్రాముకు కొద్దిగా తక్కువ ఉప్పు ఉంది. తియ్యటి బిస్కెట్‌లో ఉప్పెక్కడిదని మీకు అనిపించవచ్చు. కొంత రుచి కోసం వేసినదే, మిగతాది పొంగడానికి వేసే వంటసోడా నుంచి వస్తుంది. జాబితాలో 500(ii) అనే అంకెతో కనిపించేది ఆ సోడాయే. నాలుకకు తెలియకపోయినా బీపీకి దాని సోడియం కూడా సోడియమే.

మసాలా ఓట్స్ దగ్గర మాత్రం నాకు నిజంగా ఆందోళన కలిగింది. 100 గ్రాములకు 1,100 మిల్లీగ్రాముల సోడియం, ప్యాకెట్ 40 గ్రాములు, కాబట్టి ఒక్కోదానిలో 440 మిల్లీగ్రాములు. లేబుల్ మీద 22 శాతం అని ఉన్నది ఒక ప్యాకెట్‌కు. రెండు ప్యాకెట్లతో రాత్రి భోజనంలోనే 880 మిల్లీగ్రాములు అవుతోంది. బిస్కెట్లు కలిపితే 1,255. అంటే ఉదయం టిఫిన్, మధ్యాహ్నం పప్పు, కూర, చారు, నంజుకునే ఆవకాయ, అప్పడం, వీటన్నిటికీ కలిపి రోజంతటికీ మీకు మిగిలేది 745 మిల్లీగ్రాముల సోడియం. ఉప్పులో చెబితే రెండు గ్రాములు కూడా కాదు, అర చెంచాలోపే. మన వంటలో ఒక మనిషి వాటాకు అంత తక్కువ ఉప్పుతో సరిపెట్టడం చాలా కష్టం, ఆవకాయ ఉన్న రోజున అసలే కుదరదు. మాత్ర వేసుకుంటున్నా బీపీ దిగకపోవడానికి ఇలాంటి రాత్రి భోజనం కారణం కావచ్చు.

దీనికి ఓట్స్ మానవలసిన పని లేదు. మసాలా కలపని ఓట్స్‌లో సోడియం నామమాత్రంగా ఉంటుంది. ఉల్లిపాయ, క్యారట్, బీన్స్, కరివేపాకు, మిరియాలు వేసి ఇంట్లో ఉప్మాలాగా చేసుకుని, పావు చెంచా కన్నా తక్కువ ఉప్పు వేయండి, చివర్లో నిమ్మరసం పిండితే ఆ తక్కువ ఉప్పు చప్పగా అనిపించదు. పావు చెంచా అంటే సుమారు 1.25 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల సోడియం. అందులో ఇంకా తగ్గించినా మీదే లాభం. సైంధవ లవణం వాడితే ఈ లెక్క తప్పుతుందని అనుకోవద్దు, అందులోనూ ఉన్నది ప్రధానంగా సోడియం క్లోరైడే. తక్కువ సోడియం ఉప్పు అని దొరికేదానిలో సోడియానికి బదులు పొటాషియం ఉంటుంది. మీ బీపీ మాత్ర టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పిరోనోలాక్టోన్ వంటిదైనా, కిడ్నీ సమస్య ఏమైనా ఉన్నా, రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు కాబట్టి డాక్టర్‌ను అడగకుండా దాన్ని మొదలుపెట్టకండి. మాత్రలో మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు కలిసి ఉంటే ఉప్పును ఒక్కసారిగా పూర్తిగా మానేయడం కూడా సరికాదు.

బిస్కెట్లను రోజుకు రెండుకు, టీలో చక్కెరను కప్పుకు ఒక చెంచాకు తగ్గిస్తే చక్కెర 13 నుంచి 15 గ్రాముల దగ్గర ఆగుతుంది, మీ హద్దులో ఇంకా కాస్త చోటు మిగులుతుంది. బిస్కెట్లలోని సోడియం 125కు దిగుతుంది. మిగతా నాలుగు బిస్కెట్ల స్థానంలో ఆకలి వేస్తే ఉప్పు వేయని వేరుశనగపప్పో, ఉడికించిన శనగలో గుప్పెడు తీసుకోండి.

విదేశాల నుంచి పిల్లలో బంధువులో తెచ్చే ప్యాకెట్లకు మాత్రం లెక్క మారుతుంది. అమెరికా లేబుల్ మీద శాతాన్ని 2,300 మిల్లీగ్రాముల సోడియంతో వేస్తారు, యూరప్ లేబుల్ మీద సోడియానికి బదులు నేరుగా ఉప్పునే గ్రాముల్లో రాస్తారు. ఆ అంకెను మళ్లీ రెండున్నరతో గుణించకూడదు.

ఈ మార్పులు చేశాక రెండు వారాల పాటు ఉదయం, రాత్రి కూర్చుని ఐదు నిమిషాలు విశ్రాంతి తీసుకున్నాక బీపీ చూసుకుని రాసిపెట్టుకోండి. అంకెలు దిగితే మాత్ర మోతాదు మీరే తగ్గించుకోకుండా ఆ కాగితాన్ని మీ డాక్టర్‌కు చూపండి. నిలబడినప్పుడు కళ్లు తిరిగితే మాత్రం రెండు వారాలు ఆగకుండా ముందే వెళ్లండి. హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు, మూడు నెలల సగటును చెబుతుంది కనుక దాన్ని మూడు నెలల తర్వాత చేయిస్తే బిస్కెట్ల తగ్గింపు ఎంత పనిచేసిందో తెలుస్తుంది.