డ్యూస్ దగ్గర గేమ్ ఎందుకు ఆగిపోతుంది?

ప్రశ్న: "టెన్నిస్ చూడటం కొత్తగా మొదలుపెట్టాను. 15, 30, 40 వరకు అర్థమైంది. లవ్, ఏస్, వాలీ, డ్యూస్ అంటే ఏమిటి? 40-40 తర్వాత ఒక్కోసారి గేమ్ ఎంతకీ ఎందుకు తేలదు?"

ముందు తేలికైనవి చెప్పేస్తాను. లవ్ అంటే సున్నా. అంపైర్ సర్వ్ చేసేవారి స్కోరే ముందు చెబుతాడు కాబట్టి, 'లవ్-ఫార్టీ' అని వినిపిస్తే సర్వర్ చిక్కుల్లో ఉన్నట్టే. ఏస్ అంటే ఎదుటివారి రాకెట్‌కు తగలకుండానే పాయింట్ తెచ్చే సర్వ్. రాకెట్ అంచుకు తగిలి బయటికి పోతే అది ఏస్ లెక్కలోకి రాదు. బంతి నేలను తాకకముందే గాలిలో కొడితే వాలీ. ఇది ఎక్కువగా నెట్ దగ్గర కనిపిస్తుంది.

ఇక డ్యూస్, అంటే 40-40. గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని కూడా సరిగ్గా ఇక్కడే విసుక్కునేది. "నలభై తర్వాత ఒక్క పాయింట్ కొడితే గెలిచినట్టే కదరా!" అనేది. 40-15 మీద గెలిచినట్టే, 40-40 మీద కాదు. అక్కడి నుంచి వరుసగా రెండు పాయింట్లు కావాలి. మొదటిది గెలిస్తే అడ్వాంటేజ్, తెరపై AD అని పడుతుంది. రెండోది పోతే మళ్లీ డ్యూస్. దీనికి హద్దు లేదు, అందుకే ఒక్క గేమే పావుగంట సాగుతుంది. ఇంకో కిటుకు: 30-30 దగ్గర డ్యూస్ అనరు గానీ, పరిస్థితి అదే. అక్కడా వరుసగా రెండు గెలిస్తేనే గేమ్.

ఇవన్నీ ఒకేచోట చూడాలంటే 2019 వింబుల్డన్ ఫైనల్ ఐదో సెట్ తీసి చూడండి. పిన్నికి అనుమానం తీరింది దానితోనే. 8-7 గేమ్‌ల ఆధిక్యంతో ఫెదరర్ సర్వ్ చేస్తున్నాడు. వరుసగా రెండు ఏస్‌లతో 40-15. ఒక్క పాయింట్ వస్తే టైటిల్. ఒక ఫోర్‌హ్యాండ్ బయటికి పోయింది, 40-30. తర్వాత వాలీ కోసం నెట్ దగ్గరికి వచ్చాడు. ప్రత్యర్థి జోకోవిచ్ బంతిని అతనికి అందకుండా పక్క నుంచి దాటించాడు. డ్యూస్! 40-15 మీద ఒక్క పాయింట్ చాలినవాడికి ఇప్పుడు రెండు కావాలి. అవి రెండూ జోకోవిచ్‌కే వెళ్లాయి, స్కోరు 8-8. చివరికి ఆ సెట్ 13-12తో అతనిదే, టైటిల్ కూడా. మ్యాచ్ మొత్తం మీద పాయింట్లు ఎక్కువ గెలిచింది ఫెదరరే: 218కి 204. ఎన్ని గెలిచామన్నది కాదు, ఏవి గెలిచామన్నదే టెన్నిస్‌లో లెక్క. నాకైతే ఈ క్రూరత్వమే ఇష్టం. పిన్ని మాత్రం ఫెదరర్ పక్షం, ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఒక మినహాయింపు గుర్తుంచుకోండి. పురుషుల ప్రొఫెషనల్ పోటీలైన ఏటీపీ టూర్ డబుల్స్‌లో అడ్వాంటేజ్ ఉండదు. డ్యూస్ అయ్యాక ఒక్క పాయింటే గేమ్‌ను తేల్చేస్తుంది. సర్వ్ ఏ వైపు నుంచి రావాలో అందుకునే జట్టే ఎంచుకుంటుంది.