క్లెయిమ్ వివరణ: ఏది ముందు, ఏది తర్వాత

“వెనక బండి గుద్దింది, నేను ముందు కారుకు తగిలాను, అప్పటికి ఆగే ఉన్నాను, దాని బంపర్ పగిలింది అని రాశాను. బీమా కంపెనీ సర్వేయర్ మళ్లీ వివరణ అడిగారు. ఎలా రాయాలి?”

చిక్కంతా “అప్పటికి”, “దాని” అనే మాటల్లో ఉందండీ. మీరు ముందు కారుకు తగిలాక వెనక బండి గుద్దిందా, అది గుద్దిన తోపుకు మీరు ముందుకు వెళ్లి తగిలారా? తప్పు ఎవరిదన్నది ఆ వరసను బట్టే మారుతుంది. “దాని బంపర్” అంటే మూడు బండ్లలో దేనిదైనా కావచ్చు. రెండోదే జరిగి ఉంటే ఇలా రాయండి:

“ఉదయం సుమారు 9:10కి ఎర్ర సిగ్నల్ దగ్గర నా కారు పూర్తిగా ఆగి ఉంది. ముందు ఒక తెల్ల కారు, దానికీ నాకూ మధ్య సుమారు ఒక మీటరు ఖాళీ. కొన్ని సెకన్ల తర్వాత వెనక నుంచి వ్యాన్ నా కారును గుద్దింది. ఆ తోపుకు నా కారు ముందుకు జరిగి తెల్ల కారుకు తగిలింది. నా కారు వెనక బంపర్ పగిలింది, ముందు బంపర్ నొక్కుకుపోయింది. తెల్ల కారు వెనక బంపర్ పగిలింది.”

మీ కారు రెండు బంపర్లనూ విడిగా చెప్పడం మరవకండి. సర్వేయర్ ఆ దెబ్బలను మీ వరసతో పోల్చి చూస్తారు. వ్యాన్ వేగం మీరు చూడలేదు కదా, దాన్ని ఊహించి రాయొద్దు. టైమ్, దూరం కచ్చితంగా తెలియకపోతే “సుమారు” అలాగే ఉంచండి.