జీడిపప్పు ప్యాకెట్ వివరణ ఎలా రాయాలి?

ప్రశ్న: బెంగళూరులో ఇంటి నుంచి జీడిపప్పు అమ్ముతున్నాను. గ్రేడు, సైజు, తేమ రక్షణ, ప్యాకెట్ల గురించి ఏమని రాయాలి?

"మేలు రకం" అనే మాట కొనేవారికి ఏమీ చెప్పదు కాబట్టి, ముందుగా గ్రేడును లెక్కతో చెప్పండి. డబ్ల్యూ 320 అంటే ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 వరకు తూగే తెల్లని గుండ్లు. ఆ లెక్కన 250 గ్రాముల ప్యాకెట్‌లో సుమారు 165 నుంచి 176 పలుకులు ఉంటాయి. అంకె తగ్గేకొద్దీ పలుకు పెద్దదవుతుంది. బద్దలు కలిసి ఉంటే ఆ మాట దాచకుండా రాయండి.

పప్పులో తేమ 5 శాతం మించకూడదు. మించితే పలుకు విరిచినప్పుడు పుటుక్కున విరగక వంగుతుంది. పలుచని ప్లాస్టిక్ సంచికి జిప్ ఉన్నా గాలిలోని తేమ మెల్లగా లోపలికి చేరుతుంది, కాబట్టి అల్యూమినియం పొర ఉన్న సంచి వాడి, ఆ సంగతే వివరణలో పేర్కొనండి.

నమూనా: "జీడిపప్పు గుండ్లు, డబ్ల్యూ 320, వేయించనివి. అల్యూమినియం పొర గల, వేడితో అతికించిన సంచి. తెరిచాక గాలి చొరని డబ్బాలో ఉంచాలి. నికర బరువు 100, 250, 500 గ్రాములు." నికర బరువులో సంచి బరువు కలపకూడదు.