సగటు ప్రకారమే ఆర్డర్ పెడుతున్నా సరుకు ఎందుకు నిండుకుంటోంది?

ప్రశ్న: మాది మందుల షాపు. ఒక షుగర్ మాత్ర రోజుకు సగటున 40 స్ట్రిప్పులు పోతుంది. ఆర్డర్ పెట్టిన 6 రోజులకు సరుకు వస్తుంది. అందుకే 240 మిగలగానే ఆర్డర్ పెడుతున్నాను. అయినా రెండుసార్లకోసారి లోడు వచ్చేలోపే అర ఖాళీ. అదనంగా ఎంత ఉంచాలి?

జవాబు: రెండుసార్లకోసారి అన్నారు కదా, లెక్క సరిగ్గా అదే చెబుతుంది. ఆ ఆరు రోజుల అమ్మకం సగటున 240 అంటే, దాదాపు సగం సార్లు అది 240 దాటుతుంది. దాటిన ప్రతిసారీ మీకు సరుకు ఉండదు.

గత 90 రోజుల అమ్మకాలు ఎక్సెల్‌లో వేసి `=STDEV.S(B2:B91)` కొట్టండి. రోజువారీ అమ్మకం సగటు నుంచి ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే విచలనం ఇది. 12 వచ్చిందనుకుందాం. ఆరు రోజులకు దాన్ని 6తో గుణించకూడదు. ఒక రోజు ఎక్కువ పోతే ఇంకో రోజు తక్కువ పోయి కొంత సర్దుకుంటుంది కాబట్టి వర్గమూలంతో గుణించాలి: 12 × √6 = 29.4. పదిలో తొమ్మిదిన్నర సార్లు గట్టెక్కాలంటే దాన్ని 1.65తో గుణించండి, 49 వస్తుంది. అంటే 289 దగ్గర ఆర్డర్.

అయితే ఇది సరుకు కచ్చితంగా ఆరో రోజే వస్తేనే. పాత బిల్లుల్లో ఆర్డర్ తేదీ, చేరిన తేదీ పక్కపక్కన రాసి చూడండి. ఒకసారి నాలుగు రోజులు, ఒకసారి తొమ్మిది, ఇలా ఉంటే ఆ రోజులకూ విచలనం కట్టాలి. అది 2 రోజులైతే:

```
sqrt(6*12^2 + 40^2*2^2) = sqrt(864 + 6400) = 85
1.65 * 85 = 140
ఆర్డర్ పాయింట్ = 240 + 140 = 380
```

864, 6400 పక్కపక్కన పెట్టి చూడండి. మీ తిప్పలు కొనేవాళ్లతో కాదు, సరుకు పంపేవాళ్లతో. ఆ 2 రోజుల తేడా 1కి తగ్గితే అదనపు స్టాకు 140 నుంచి 82కి దిగుతుంది. అమ్మకాలను ఎంత బాగా అంచనా వేసినా ఇంత ఆదా రాదు. కాబట్టి ముందు డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడి, బండి వచ్చే రోజు ఖాయం చేయించుకోండి.

లెక్క తప్పేది ఎక్కువగా సున్నాల దగ్గరే. సరుకు లేని రోజు అమ్మకం 0 అని పడుతుంది, కానీ అడిగినవాళ్లు 40 మంది ఉండొచ్చు. ఆ రోజుల్ని అలాగే వదిలేస్తే సగటు తగ్గిపోతుంది, ఆర్డర్ పాయింటూ తగ్గుతుంది, మళ్లీ ఖాళీ అవుతుంది. అలాంటి రోజుల్ని తీసేసి లెక్కకట్టండి.

380తో పోల్చాల్సింది అరలో ఉన్నది ఒక్కటే కాదు, దారిలో ఉన్న ఆర్డర్‌నూ కలపాలి. లేకపోతే ఒకే సరుకుకు రెండుసార్లు ఆర్డర్ పెడతారు. ఇక నెలకు రెండో మూడో స్ట్రిప్పులు పోయే మందులకు ఈ 1.65 పనికిరాదు. వాటికి ఆర్డర్ పెట్టాక సరుకు చేరేలోపు ఎప్పుడైనా అత్యధికంగా ఎన్ని పోయాయో చూసి, అన్ని ఉంచుకుంటే చాలు.