మూడో ధా సమ్ మీద పడాలంటే

చిరంజీవి అమ్మలుకి,

ఆశీస్సులు. నువ్వు పంపిన రికార్డింగు రెండుసార్లు విన్నాను. తబలా మీద ఠేకా, అంటే తాళాన్ని నిలిపే బోల్ వరస, నిలకడగా ఉంది, ధిన్‌లో ఎడమచేతి బాయా మోత కూడా బాగా వస్తోంది. ఒకే ముక్కని మూడుసార్లు వాయించి ముగించే తిహాయి మాత్రం ప్రతిసారీ ఒక మాత్ర ముందే అయిపోతోంది. తాళం కొలతగా తిరిగే రాగపు వరస, మన లెహరా, ఇంకా 16వ మాత్రలో ఉండగానే నీ చివరి ధా మోగుతోంది. తర్వాత ఏం చెయ్యాలో తెలియక ఒక మాత్ర ఊరికే ఆగి, మళ్ళీ ఠేకా అందుకుంటున్నావు. ఇది చేతి దోషం కాదమ్మా, లెక్క దోషం.

తీన్‌తాల్‌కి 16 మాత్రలు కాబట్టి తిహాయిని కూడా 16లో సర్దాలని నువ్వు చూస్తున్నావు. ఆవర్తంలో మొదటి మాత్రైన సమ్ నుంచి మొదలుపెట్టి సమ్‌లో దిగే తిహాయికి 17 మాత్రలు కావాలి. చివరి ధా ఈ ఆవర్తానిది కాదు, వచ్చే ఆవర్తంలో మొదటి మాత్ర. ఆ ధాతోనే తిహాయి ముగుస్తుంది, ఆ ధాతోనే ఠేకా మళ్ళీ మొదలవుతుంది. రెండింటికీ కలిపి ఒకటే దెబ్బ. అందుకే తిహాయి సరిగ్గా పడితే ఆగి ఊపిరి తీసుకోవడానికి చోటుండదు, వెంటనే ధిన్ ధిన్ ధా అని సాగిపోవాలి.

ఠేకా ఒకసారి రాస్తాను, దీన్ని చూస్తూ మిగతాది చదువు.

ధా ధిన్ ధిన్ ధా | ధా ధిన్ ధిన్ ధా | ధా తిన్ తిన్ తా | తా ధిన్ ధిన్ ధా

చేత్తో చూపేటప్పుడు 1, 5, 13 మీద చప్పట్లు, 9 మీద ఖాలీ, అంటే చెయ్యి విసరడం. చిన్నప్పుడు పాట నేర్చుకుని ఆది తాళం వేసిన చెయ్యి కదా నీది, ఇక్కడ కొంచెం జాగ్రత్త. అక్కడ లఘువులో వేళ్ళు లెక్కపెడతావు, రెండు ద్రుతాలకీ దెబ్బ తర్వాత చెయ్యి తిప్పుతావు. ఇక్కడ ఒక్కచోటే చెయ్యి విసరడం, అదీ ఒక విభాగానికి తలుపులా ముందే వస్తుంది. పైగా అది చేతికే కాదు, చెవికీ తెలుస్తుంది, ఎందుకంటే బాయా మోత ఆగిపోతుంది. అయితే చెయ్యి 9లో విసిరినా, అక్కడ ఇంకా ధా ఉంది. బాయా నిజంగా మాయమయ్యేది 10లో, తిన్ దగ్గర. మళ్ళీ వచ్చేది 14లో, ధిన్ దగ్గర. 13లో చప్పట్లు పడ్డా అక్కడ ఉన్నది తా, కింది మోత లేదు. చాలామంది ఈ తేడా వినక, బాయా తిరిగి వచ్చిన చోటే 13 అనుకుని ఒక మాత్ర తప్పుతారు. నువ్వు ఆ ఒక్కటి పట్టుకుంటే ఖాలీ నీకు దారి చూపిస్తుంది.

ఇప్పుడు తిహాయి. ముక్క ఇది: తిటె కత గది గన ధా. ఒక్కో జతకి ఒక మాత్ర, ధాకి ఒక మాత్ర, మొత్తం 5. దీన్ని మూడుసార్లు వాయిస్తే 15. మధ్యలో రెండు ఖాళీలు, ఒక్కోటి ఒక మాత్ర. 15కి 2 కలిపితే 17. సమ్‌లో తిటె అని ఎత్తుకుంటే మొదటి ధా 5లో పడుతుంది, 6 ఖాళీ. రెండో ధా 11లో, 12 ఖాళీ. మూడోసారి 13లో ఎత్తుకుంటావు, 14, 15, 16 దాటి ధా సమ్ మీద.

రికార్డింగులో నీ 6వ మాత్ర ఉంది, 12వ మాత్ర లేదు. మొదటి ధా తర్వాత ఖాళీ వదిలావు, రెండో ధా తర్వాత టెన్షన్‌లో వెంటనే తిటె అందుకున్నావు. ధా మోగే మాత్ర వేరు, దాని తర్వాత వదిలే మాత్ర వేరు. ధా మోత ఇంకా వినబడుతుంటే ఆ మాత్ర అయిపోయినట్టే అనిపిస్తుంది, అదే మోసం. వదిలే మాత్రలో మనసులో ఒక అక్షరం పలుకు. నేను ‘ఏక్’ అంటాను, నీకు ఏది వస్తే అది.

తబలా ముట్టుకోకముందు దీన్ని పఢంత్ చెయ్యి, అంటే నోటితో బోల్ చెబుతూ చేత్తో తాళం వెయ్యి. కష్టం ఎక్కడుంటుందంటే, నోరు ధా అన్నప్పుడల్లా చెయ్యి చప్పట్లు కొట్టాలని చూస్తుంది. 5లో రెండూ కలుస్తాయి, కాబట్టి అక్కడ హాయిగా ఉంటుంది. 11లో మాత్రం చెయ్యి ఊరుకోవాలి. అక్కడ చప్పట్లు పడ్డాయంటే చెయ్యి తాళం వదిలేసి తిహాయి వెంట వెళ్ళినట్టు. ఇంకో గుర్తు: 9లో చెయ్యి విసిరేటప్పుడు నీ నోట ‘గది’ ఉండాలి, 13 చప్పట్ల మీద మూడో ‘తిటె’ ఉండాలి. ఈ రెండూ కుదిరితే సమ్ గురించి భయపడక్కర్లేదు.

ఇది కుదిరాక ఇదే తిహాయిని రెట్టింపు వేగంలో, అంటే దుగున్‌లో వెయ్యి. అప్పుడు 17 అరమాత్రలు కావాలి, ఎత్తుకోవలసింది సరిగ్గా ఖాలీ దగ్గర. తిటెకత 9లో, గదిగన 10లో, ధా 11లో సగం, మిగతా సగం ఖాళీ. 12లో మళ్ళీ తిటెకత, 14లో ధా. 15లో తిటెకత, 16లో గదిగన, సమ్‌లో ధా. ఇందులో రెండో ధా పడేది 14లో, ఠేకాలో బాయా తిరిగి వచ్చే చోటే. 13 చప్పట్ల మీద నీ నోట గదిగన ఉండాలి. అక్కడ ధా వచ్చిందంటే ఒక మాత్ర ముందున్నావని వెంటనే తెలిసిపోతుంది. నాలుగింతల వేగంలో, చౌగున్‌లో అయితే ఇదే 13లో ఎత్తుకుంటావు. మొదటి ధా 14 మీద, రెండోది 15కీ 16కీ నడుమ, మూడోది సమ్. ఆ నడుమ పడే ధా నిన్ను తొందర పెడుతుంది. ఇప్పుడే దాని జోలికి పోకు, దుగున్ తేలిగ్గా వచ్చాక చూద్దాం.

వేరే ముక్కతో నువ్వే తిహాయి కట్టుకోవాలంటే ముందు మొత్తం పొడవు చూడు, దాన్ని 18లోంచి తీసెయ్యి. వచ్చిన మాత్రలో ఎత్తుకోవాలి. నాలుగు మాత్రల ముక్క, ఒక్కో మాత్ర ఖాళీ అనుకో. 12కి 2 కలిపితే 14, కాబట్టి 4వ మాత్రలో మొదలు. అదే ముక్కని ఖాళీ లేకుండా వాయిస్తే 12 మాత్రలే, 6లో మొదలు. ఖాళీ ఉన్నదాన్ని దమ్‌దార్ అంటారు, లేనిదాన్ని బేదమ్. నువ్వు కొన్నాళ్ళు దమ్‌దార్ మీదే ఉండు, ఖాళీని నిలబెట్టడం దానివల్లే వస్తుంది.

తిహాయి ఎప్పుడూ సమ్‌లోనే దిగాలని లేదు. సితార్‌కి సంగత్ చేసే రోజు వస్తే చూస్తావు, మసీత్‌ఖానీ గత్ అనే నెమ్మది రచనలో దాని ఎత్తుగడని, అంటే ముఖడాని, 12వ మాత్రలో ఎత్తుకుంటారు. అక్కడ కొన్ని తిహాయిలు ముఖడా అందుకునేలా ముందే ముగుస్తాయి. పాట మొదలయ్యే ఎడుపు నుంచి కీర్తన ఎత్తుకునేలా ముగింపు జతుల తీర్మానం కట్టడం నీకు తెలిసిందే కదా, అదే పద్ధతి. వేగంగా ఎలా ఉంటుందో వినాలంటే 1967లో అమెరికాలోని మాంటెరీ సంగీతోత్సవంలో సితార్ మీద రవిశంకర్, తబలా మీద అల్లా రఖా వాయించిన ధున్ విను. చివర్లో ద్రుత తీన్‌తాల్ వస్తుంది. అంత వేగంలో 16 లెక్కపెట్టలేం, నాలుగు విభాగాలుగానే వినాలి. బాయా ఎక్కడ పోతోందో, ఎక్కడ వస్తోందో పట్టుకో చాలు.

ఈ వారం లెహరాని నిమిషానికి 60 మాత్రల దగ్గర పెట్టుకో. రెండు ఆవర్తాలు ఠేకా, మూడో ఆవర్తం సమ్‌లో తిహాయి, మళ్ళీ ఠేకా. చివరి ధా తర్వాత కనీసం ఒక ఆవర్తం ఆగకుండా వాయించు. రికార్డు చేసి, నువ్వు 12వ మాత్రలో ఏం చేస్తున్నావో అదొక్కటే విను. బాగున్నదాన్ని కాదు, తప్పు పడ్డదాన్నే పంపు.

మీ పెదనాన్న